లేజర్ మీటర్‌తో నా అనుభవం: 112 మిల్లీమీటర్ల పరువు

మొన్న ఆదివారం వార్డ్‌రోబ్ ఫిట్ చేయడానికి వచ్చిన కార్పెంటర్ చివరి పలక నిలబెట్టి, పక్కన మిగిలిన సందులోకి అరచేయి పెట్టి చూసి, నా వైపు తిరిగి "ఏంది సార్, రాత్రికి రాత్రి గోడ జరిగిందా?" అన్నాడు. వెనకాల మా మామగారు నిలబడి ఉన్నారు. కొలతలు ఇచ్చింది నేనే. అదీ మిల్లీమీటర్లలో, టైప్ చేసి, కింద "ఫైనల్" అని రాసి మరీ పంపాను.

నిజాంపేటలో మాది సెకండ్ హ్యాండ్ ఫ్లాట్. పిల్లల బెడ్‌రూమ్‌లో ఒక గోడ పొడవునా వార్డ్‌రోబ్ చేయించాలనుకున్నాం. షాపు వాళ్లు మనిషిని పంపి కొలిపిస్తే రెండు వేలు అన్నారు. రెండు వేలు పెట్టి కొలిపించుకోవడం ఎందుకు, ఇంకో ఆరు వందలు వేస్తే లేజర్ మీటరే వస్తుంది కదా అని రాణిగంజ్ వెళ్లి కొనుక్కొచ్చాను. షాపులో అబ్బాయి ఎదురు గోడకు ఒకసారి కొట్టి చూపించి "ఇంతే సార్, బటన్ నొక్కడమే" అన్నాడు. ఆ మాట నమ్మడమే నేను చేసిన మొదటి తప్పు.

హాల్, కిచెన్ అరగంటలో అయిపోయాయి. బాల్కనీ గాజు తలుపు దగ్గర మాత్రం ఒకసారి నాలుగు మీటర్లు, ఇంకోసారి పద్నాలుగు మీటర్లు వచ్చింది. లేజర్ గాజులోంచి దూరి ఎదురు అపార్ట్‌మెంట్ గోడ దాకా పోతోందన్నమాట. గాజుకు తెల్ల కాగితం అంటించి కొడితే సరిపోయింది. ఇది కనిపెట్టాక నాకు కాస్త పొగరెక్కిందని ఒప్పుకోవాలి.

ఆ పొగరుతోనే పిల్లల బెడ్‌రూమ్‌లోకి వెళ్లాను. బ్రోచర్ ప్రకారం అది 10 × 11 అడుగులు. వార్డ్‌రోబ్ వచ్చేది పదకొండు అడుగుల గోడకు. మీటర్ వెనక అంచును ఈ గోడకు ఆనించి ఆ గోడకు కొడితే 3.238 వచ్చింది. పదకొండు అడుగులంటే 3.350 చిల్లర ఉండాలి. బిల్డర్ నాలుగు అంగుళాలు మింగాడని తేల్చేసి, ఇంట్లో అందరికీ బిల్డర్ల మీద ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను.

రెండో వైపు ఇంకో విచిత్రం. పాత ఓనర్ ఒక గోడకు నిలువెత్తు అద్దం అతికించి వెళ్లాడు. దానికి ఎదురుగా కొడితే 6.023 వచ్చింది. అంటే పిల్లల గది దాదాపు ఇరవై అడుగులన్నమాట! తీరా చూస్తే, మీటర్ పెట్టిన గోడ మీదే, నా మోచేతికి బెత్తెడు దూరంలో ఒక ఎర్ర చుక్క మెరుస్తోంది. మామూలు గోడ మీద లేజర్ పడితే వెలుగు నాలుగు వైపులా చెదురుతుంది, అందులో కొంచెం మీటర్‌కు తిరిగొస్తుంది, దాన్ని బట్టే అది దూరం లెక్కేస్తుంది. అద్దం అలా చెదరగొట్టదు, నున్నగా తిప్పి పంపేస్తుంది. అలా తిరిగొచ్చిన కిరణం నా వెనక గోడ మీద పడి చెదిరి, వచ్చిన దారినే మీటర్‌కు చేరింది. అంటే అది కొలిచింది అద్దం దాకా కాదు, అద్దం దాకా పోయి మళ్లీ గోడ దాకా వచ్చిన దూరం. ఎర్ర చుక్క ఎదురుగా కాకుండా మీ పక్కన కనిపిస్తే ఆ రీడింగ్ కొట్టేయండి. నేను కొట్టేయలేదు. తెలివి ఎక్కువై రెండుతో భాగించి 3.011 అని రాసుకున్నాను. అద్దానికీ ఒక కాగితం అంటించాలన్న బుద్ధి ఎందుకు పుట్టలేదో నాకిప్పటికీ అర్థం కాదు.

సరే, ఆదివారానికి వస్తాను. కార్పెంటర్ టేపుతో గోడ కొలిస్తే 3.350. నా లెక్క 112 తక్కువ. అద్దం వైపు 3.060, నా లెక్క 49 తక్కువ. ఒకచోట 112, ఇంకోచోట 49 అయ్యేసరికి మీటర్ డూప్లికేట్ అని, రాణిగంజ్ వాడు మోసం చేశాడని గొంతు పెంచాను. మామగారు రిటైరయ్యే దాకా సైట్ల మీదే తిరిగిన మనిషి. ఏమీ అనకుండా స్టీల్ టేపును గోడ నుంచి నేల మీద పరిచి, మీటర్ వెనక భాగం గోడకు ఆనించి, సరిగ్గా ఒక మీటర్ గీత దగ్గర పుస్తకం నిలబెట్టి "కొట్టండి బాబూ" అన్నారు. 0.888. పుస్తకాన్ని రెండు మీటర్ల గీతకు జరిపారు. 1.888. దూరం రెట్టింపైనా తేడా పెరగలేదు. అప్పుడు మీటర్‌ను తీసి టేపు మీద పడుకోబెట్టారు. దాని పొడవు 112 మిల్లీమీటర్లు.

కార్పెంటర్ నవ్వాపుకోలేక బయటకు వెళ్లిపోయాడు.

విషయం ఇది. మీటర్ దూరాన్ని తన వెనక అంచు నుంచి అయినా లెక్కేస్తుంది, ముందు అంచు నుంచి అయినా లెక్కేస్తుంది. ఏది అన్నది ఒక బటన్‌తో మారుతుంది, డిస్‌ప్లే మూల చిన్న బొమ్మలో బాణం చూపిస్తుంది. జేబులో పెట్టుకుని తిరిగినప్పుడు ఆ బటన్ నొక్కుకుపోయి ముందు అంచుకు మారింది. నా మోడల్ ఆఫ్ చేసి ఆన్ చేసినా ఆ సెట్టింగ్ మరచిపోదు. నేను వెనక అంచు ఆనిస్తున్నాను, అది ముందు అంచు నుంచి కొలుస్తోంది, మధ్యలో దాని ఒళ్లంతా లెక్కలోంచి ఎగిరిపోతోంది. బిల్డర్‌కు నేను బాకీ పడ్డాను.

మరి అద్దం దగ్గర 49 ఎందుకంటే, అక్కడా 112 పోయింది, కానీ నేను రెండుతో భాగించాను కాబట్టి 56 అయింది. మిగతా ఏడు అద్దం మందం. అద్దానికి వెండిపూత ఉండేది వెనకవైపు, పైగా గాజులో వెలుగు నెమ్మదిగా పోతుంది కాబట్టి 5 మిల్లీమీటర్ల గాజు మీటర్‌కు ఏడున్నరగా కనిపిస్తుంది. ఈ లెక్క రాత్రి పన్నెండింటికి కుదిరింది. లేచి మామగారికి చెబుదామనుకున్నాను, మా ఆవిడ ఆపింది.

"మీ మీటర్‌దే కాదు, టేపుదీ అదే గొడవ" అన్నారాయన పొద్దున కాఫీ తాగుతూ. గది లోపల కొలిచేటప్పుడు టేపు డబ్బాను ఎదురు గోడకు ఆనిస్తే డబ్బా పొడవు కలపాలట, అదెంతో డబ్బా మీదే అచ్చు వేసి ఉంటుందట. ఇరవై ఏళ్లుగా ఇంట్లో ఉన్న టేపు తీసి చూశాను. నిజంగానే ఉంది.

ఇప్పుడు ఏ గదిలోకి వెళ్లినా ముందు తలుపు వెడల్పు ఒకటి టేపుతోనూ మీటర్‌తోనూ కొలిచి, రెండూ కలిసాకే మొదలుపెడుతున్నాను. ఆ రెండు వేల మనిషిని పిలిపించుకోండి అని మాత్రం చెప్పను, ఆ షాపు మీద నాకింకా కోపం ఉంది. గోడ పదకొండు అడుగులని బ్రోచర్‌లో ఉన్నా, నేను పంపిన అంకె చూసి ఒక్కసారి ఫోన్ చేసి అడిగిన పాపాన పోలేదు.

సందు మూయడానికి పలక వేస్తే నాలుగు వేలు అన్నారు. వద్దన్నాను. మడిచిన ఇస్త్రీ బల్ల అందులో సరిగ్గా పట్టింది.