పెద్దకర్మ కోసం ఒక్క నైట్ మార్చుకున్నాను: నా అనుభవం

నేను ఆసుపత్రిలో ఐసీయూ నర్సుని. మా అమ్మమ్మ సోమవారం తెల్లవారుజామున పోయింది. ఆ రోజుకు సీఎల్ పెట్టి వెళ్లి, దహనం అయ్యాక మర్నాడు డ్యూటీకి వచ్చేశాను. అసలు టెన్షన్ శుక్రవారం రోస్టర్ వేశాక మొదలైంది. పదకొండో రోజు వచ్చే గురువారం పడింది, నాకేమో ఆదివారం నుంచి శుక్రవారం దాకా వరుసగా ఆరు నైట్లు. బుధవారం రాత్రి ఎనిమిదికి ఎక్కి గురువారం పొద్దున ఎనిమిదికి దిగాలి, హ్యాండోవర్ ఇచ్చి బయటపడేసరికి తొమ్మిదవుతుంది, అక్కడి నుంచి ఊరికి బస్సులో మూడు గంటలు. పిండాలు పెట్టడం కాలవగట్టున పొద్దున్నే అయిపోతుంది. నేను దిగేసరికి భోజనాల్లో రెండో బంతి లేస్తూ ఉంటుంది.

ఇంట్లో చావు జరిగితే ఇచ్చే సెలవు మా దగ్గర ఉంది, కానీ అది తల్లిదండ్రులు, భర్త, పిల్లలు, అత్తమామల వరకే. నన్ను పెంచింది అమ్మమ్మే అయినా హెచ్ఆర్ వాళ్ల కాగితంలో అమ్మమ్మ లేదు. పోనీ ఇంకో సీఎల్ పెడదామంటే మా ఐసీయూలో రాత్రికి ఉండేదే ముగ్గురం, ఒకరు తగ్గితే మిగతా ఇద్దరి మీద ఎనిమిది బెడ్లు పడతాయి, కాబట్టి నైట్ల మధ్యలో సీఎల్‌కి మా వార్డు ఇన్‌ఛార్జ్ మేడమ్ సంతకం పెట్టరు, పెట్టకపోవడంలో తప్పు కూడా లేదు. రూమ్మేట్ మాత్రం "జ్వరమని చెప్పేసెయ్, ఎవరొచ్చి చూస్తారు" అంది. మా మేడమ్ అమ్మమ్మ పోయిన రోజు ఫోన్ చేసి మాట్లాడిన మనిషి, ఆవిడకి సరిగ్గా పదకొండో రోజున నాకు జ్వరం వచ్చిందని చెప్పడం నావల్ల కాలేదు.

ఇక మిగిలింది ఎక్స్ఛేంజే. నా బ్యాచ్ అమ్మాయి వెంటనే "నేను చేస్తాలే, నువ్వు వెళ్లిరా" అంది, మంచిపిల్ల. తీరా రోస్టర్ ఫోటో జూమ్ చేసి చూస్తే తనకి ఆ వారమంతా మార్నింగ్ డ్యూటీలు. బుధవారం పొద్దున ఎనిమిది నుంచి రెండు దాకా చేసి మళ్లీ రాత్రి ఎనిమిదికి రావాలి, గురువారం పొద్దున నైట్ దిగుతూనే మార్నింగ్‌కి ఎక్కాలి. పోనీ తన బుధవారం మార్నింగ్ నేను చేద్దామంటే, నేను మంగళవారం నైట్ దిగేదే ఆ పొద్దున, అంటే రాత్రి ఎనిమిది నుంచి మధ్యాహ్నం రెండు దాకా పద్దెనిమిది గంటలు ఏకధాటిగా నిలబడాలి. ఈవినింగ్ వాళ్లతోనూ అదే తంటా, రెండింటికి ఎక్కినవాళ్లు ఎనిమిదింటికి దిగకుండా అలాగే నైట్‌లోకి వెళ్లాల్సి వస్తుంది. బయటివాళ్లకి ఇది ఒక్క రాత్రి సంగతిలా కనిపిస్తుంది గానీ, ఆ రాత్రికి ముందు డ్యూటీ, తర్వాత డ్యూటీ కూడా దాంతో పాటే కదులుతాయి. మేడమ్ ముందు చూసేది అదే.

అందుకని ఎవరు ఒప్పుకుంటారు అన్నది పక్కనపెట్టి, ఎవరి నైట్లు నా నైట్లకి కాస్త అటూఇటూగా ఉన్నాయో వెతికాను. నాకంటే రెండేళ్లు సీనియర్ అక్క ఒకావిడకి గురువారం నుంచి మంగళవారం దాకా నైట్లు, వాటికి ముందు బుధవారం ఆఫ్. నాకు శుక్రవారం నైట్ అయ్యాక శని, ఆదివారాలు ఖాళీ. అక్క ఒక రోజు ముందుగా బుధవారం నైట్‌కి వచ్చి, నేను తన శనివారం నైట్ చేస్తే, ఇద్దరికీ ఆరు నైట్లు ఆరుగానే ఉంటాయి, ఎవరికీ డబుల్ డ్యూటీ రాదు. నేను ఆదివారం పొద్దున దిగి సోమవారం మార్నింగ్‌కి వెళ్లాలి, మధ్యలో ఇరవై నాలుగు గంటలుంది. ఫోన్ చేసి, "అక్కా, మీ బుధవారం ఆఫ్ పోతుంది, బదులుగా శనివారం రాత్రి ఇంట్లో ఉండొచ్చు" అని ఉన్నదున్నట్టు చెప్పాను. "శనివారమా, మా పాప పుట్టినరోజు ఆదివారమే, నాకూ కలిసొచ్చిందిలే" అంది.

మెసేజ్ శనివారం మధ్యాహ్నం రెండు దాటాక పెట్టాను. పొద్దున రౌండ్స్, హ్యాండోవర్ హడావిడిలో పెడితే మేడమ్ చూసి మర్చిపోతారు. వార్డు గ్రూపులో కాకుండా విడిగా ఆవిడకే పెట్టాను, ఎందుకంటే గ్రూపులో పెడితే నలుగురూ చేతులు జోడించిన బొమ్మలు పెడతారు, అసలు అడిగింది వాటి కింద ఎక్కడికో పోతుంది. నేను ఇంగ్లీష్ అక్షరాల్లో టైప్ చేసిందాన్ని పేరు తీసేసి ఇక్కడ తెలుగులో రాస్తున్నాను:

"నమస్తే మేడమ్. మా అమ్మమ్మ పెద్దకర్మ ఈ గురువారం పొద్దున మా ఊళ్లో ఉంది. బుధవారం నైట్ ఒక్కటి ఎక్స్ఛేంజ్ ఇవ్వగలరా మేడమ్? బుధవారం నా బదులు అక్క చేస్తుంది, శనివారం తన నైట్ నేను చేస్తాను. తను ఒప్పుకుంది. ఇద్దరికీ డబుల్ డ్యూటీ రాదు, మొత్తం నైట్లు మారవు. బుధవారం టీమ్ లీడర్‌గా నా పేరుంది, వెంటిలేటర్ బెడ్లు, డ్రగ్ కప్‌బోర్డ్ తాళాలు అక్క చూసుకుంటుంది. గురువారం నైట్‌కి నేను ఎప్పటిలాగే వచ్చేస్తాను. మీరు సరేనంటే ఈ సాయంత్రమే ఫారం రాసి ఇద్దరం సంతకాలు పెట్టి ఇస్తాం."

అమ్మమ్మ గురించి అంతకు మించి రాయలేదు, మేడమ్‌కి తెలుసు. తాళాల మాట మాత్రం కావాలనే రాశాను. మార్ఫిన్, ఫెంటనిల్ లాంటివి ఉండే అల్మరా తాళం రాత్రి టీమ్ లీడర్ దగ్గరే ఉంటుంది, ప్రతి షిఫ్ట్‌కీ ఆంపూల్స్ లెక్కపెట్టి రిజిస్టర్‌లో ఇద్దరు సంతకం పెట్టాలి. నా బదులు కొత్తగా చేరిన అమ్మాయి వస్తే ఆ రాత్రి తాళం తీసుకునే మనిషే ఉండదు. సీనియర్ బదులు సీనియర్ వస్తోందని మెసేజ్‌లోనే కనబడితే మేడమ్ మళ్లీ రోస్టర్ తెరిచి చూసుకోనక్కర్లేదు.

గంట తర్వాత జవాబొచ్చింది: "తను కూడా నాకొక మెసేజ్ పెట్టమను. గురువారం నైట్ పక్కానా? చివర్లో రాలేనంటే నా దగ్గర ఎవరూ లేరు." నిజం చెప్పాలంటే ఆ రెండో ప్రశ్న కొంచెం గుచ్చుకుంది. కానీ కర్మకని వెళ్లి అక్కడే ఆగిపోయినవాళ్లని ఆవిడ చాలామందిని చూసి ఉంటారు. రెండున్నర బస్సుకి బయలుదేరతాను, అది తప్పినా తర్వాత ఇంకో బస్సు ఉంది, ఏడున్నరకల్లా వార్డులో ఉంటాను అని టైములతో సహా రాశాను. అక్క కూడా మెసేజ్ పెట్టింది. "ఓకే. ఫారం ఇవ్వండి" అన్నారు.

ఫారం మీద ఇద్దరి సంతకాలు, మేడమ్ సంతకం అయ్యాక నర్సింగ్ ఆఫీసులో ఇచ్చే ముందు ఫోటో తీసుకున్నాను. బుధవారం పొద్దున డ్యూటీ దిగి, రెండు గంటలు పడుకుని ఊరికి వెళ్లాను. గురువారం పిండాలు పెట్టేటప్పుడు అమ్మ పక్కనే ఉన్నాను, ఒంటిగంటకి తినేసి, చుట్టాలు "అప్పుడేనా" అంటుండగానే బయలుదేరాను. బస్సులో నిద్రపోయాను గనుక ఆ రాత్రి గట్టెక్కింది, లేకపోతే కష్టమే.

ఒక్క చిక్కు మాత్రం శనివారం వచ్చింది. బయోమెట్రిక్‌లో వేలు పెడితే స్క్రీన్ మీద నాకింకా ఆఫ్ అనే చూపించింది. నర్సింగ్ ఆఫీసులో బుధవారం మార్పు ఎక్కించారు, శనివారంది వదిలేశారు. అలాగే ఉండిపోతే బుధవారం నేను లేనట్టు, శనివారం చేసిన డ్యూటీ లెక్కలోకి రానట్టు అయ్యి నెలాఖరుకి ఒక రోజు జీతం పోయేది. సోమవారం మార్నింగ్ దిగాక ఆఫీసుకెళ్లి ఫారం ఫోటో చూపించాను. అక్కడి అబ్బాయి "ఫారం ఒకటే కదా సిస్టర్, ఒక లైనే అనుకున్నా" అంటూ నా శనివారం, అక్క శనివారం రెండూ నా ముందే మార్చాడు. అక్కది కూడా అడిగి చూపించమన్నాను, లేకపోతే పాప పుట్టినరోజు చేసుకున్నందుకు తనకి ఆబ్సెంట్ పడేది.