క్లోజింగ్ స్టాక్‌లో 40 వేల తేడా, రెండేళ్ల లాభం తారుమారు

గల్ఫ్‌లో చిన్న ట్రేడింగ్ కంపెనీల్లో అకౌంటెంట్‌గా చేసేవాళ్లకి డిసెంబర్ 31 అంటే ఏంటో తెలుసు. ఊళ్లో అందరూ కొత్త సంవత్సరం పార్టీలకి పోతుంటే మనం గోడౌన్‌లో స్టాక్ లెక్కపెడుతుంటాం. పని త్వరగా ముగించి ఇంటికి పోదామనే తొందర అందరికీ ఉంటుంది. ఆ తొందరలో రాసిన ఒక్క అంకె ఆ ఏడాది లాభాన్నీ, వచ్చే ఏడాది లాభాన్నీ రెండింటినీ ఎలా చెడగొడుతుందో షార్జాలో నేను చూసిన ఒక కేసుతో చెప్తాను. అంకెల్ని సులువుగా అర్థమయ్యేలా రౌండ్ చేశాను.

షార్జా ఇండస్ట్రియల్ ఏరియాలో శానిటరీ సామాను హోల్‌సేల్ చేసే కంపెనీ అది. కుళాయిలు, మిక్సర్లు, షవర్లు, ఎక్కువ భాగం చైనా సరుకు. నేను చేరింది 2023 మొదట్లో, 2022 లెక్కలు క్లోజ్ చేసే టైమ్‌కి. చేరగానే ఓనర్ నా ముందు పెట్టిన సమస్య ఇది: 2021లో నికర లాభం 1,20,000 దిర్హాములు, 2022లో 40,000. అమ్మకాలు రెండేళ్లూ ఒకేలా 10 లక్షలు, ఖర్చులు కూడా అంతే, మార్కెట్ ఏమీ పడిపోలేదు. మరి 80,000 ఎక్కడికి పోయాయి? పైగా 2022 చివర్లో లెక్కపెడితే ఒక బేసిన్ మిక్సర్ సిస్టమ్‌లో చూపిస్తున్న దానికంటే 800 పీసులు తక్కువ వచ్చింది, పీసు ఖరీదు 50 దిర్హాములు. ఆయన లెక్క ప్రకారం దొంగ దొరికినట్టే. గోడౌన్ చూసుకునేది జగిత్యాల నుంచి వచ్చిన ఒకాయన, ఏళ్ల తరబడి అక్కడే ఉన్నాడు, అనుమానమంతా ఆయన మీదే.

ముందు లెక్క ఎలా పని చేస్తుందో చూద్దాం, ఎందుకంటే తప్పు దాక్కునేది అక్కడే. అమ్మిన సరుకు ఖరీదు ఎంత అన్నది మనం నేరుగా కొలవం. ఏడాది మొదట్లో ఉన్న స్టాక్‌కి ఏడాదిలో కొన్నది కలిపి, చివర్లో మిగిలింది తీసేస్తాం; లేనిదంతా అమ్ముడుపోయిందని అనుకుంటాం. అంటే మిగిలింది ఎక్కువ చూపిస్తే అమ్మిన సరుకు ఖరీదు తగ్గుతుంది, లాభం అంతే పెరుగుతుంది. దిర్హాముకి దిర్హాము.

2021 నిజమైన లెక్క ఇది. ఓపెనింగ్ స్టాక్ 2 లక్షలు, కొనుగోళ్లు 8 లక్షలు, క్లోజింగ్ స్టాక్ 2 లక్షలు. అమ్మిన సరుకు ఖరీదు 8 లక్షలు. అమ్మకాలు 10 లక్షలు కాబట్టి స్థూల లాభం 2 లక్షలు, అంటే అమ్మకాల్లో 20 శాతం. ఖర్చులు 1,20,000 పోతే నికరం 80,000.

పుస్తకాల్లో మాత్రం క్లోజింగ్ స్టాక్ 2,40,000 అని పడింది. అమ్మిన సరుకు ఖరీదు 7,60,000కి దిగింది, స్థూల లాభం 2,40,000కి ఎక్కింది, నికరం 1,20,000 అయింది.

ఈ ఏడాది క్లోజింగ్ స్టాకే వచ్చే ఏడాది ఓపెనింగ్ స్టాక్. 2022లో కూడా నిజానికి అన్నీ అవే అంకెలు: 2 లక్షలతో మొదలు, 8 లక్షల కొనుగోళ్లు, చివర్లో 2 లక్షలు, నికరం 80,000. కానీ పుస్తకాల్లో 2,40,000తో మొదలైంది. గోడౌన్‌లో లేని 40,000 సరుకు ఆ ఏడాది అమ్ముడుపోయినట్టు లెక్కలోకి వచ్చేసింది. అమ్మిన సరుకు ఖరీదు 8,40,000, స్థూల లాభం 1,60,000, నికరం 40,000. రెండేళ్లూ కలిపి చూస్తే మొత్తం 1,60,000, నిజమైన లెక్కలోనూ 1,60,000. తేడా లేదు. విడివిడిగా చూస్తే మాత్రం ఏమీ మారని వ్యాపారం మూడో వంతుకి పడిపోయినట్టు కనిపిస్తోంది. తప్పు 40,000 అయితే తేడా 80,000 కనిపించడానికి కారణం కూడా ఇదే, ఒక ఏడాది పైకి, ఇంకో ఏడాది కిందికి.

నాకు అనుమానం వచ్చింది మాత్రం లాభం పడిపోయిన 2022 మీద కాదు, పెరిగిన 2021 మీద. వీళ్లు 80కి కొన్నది దాదాపు 100కి అమ్ముతారు, ఇన్‌వాయిస్‌లు తీసి చూస్తే డిస్కౌంట్లు పోను ఎక్కడా అంతకంటే ఎక్కువ మిగలట్లేదు. అలాంటి చోట 24 శాతం స్థూల లాభం ఎక్కడి నుంచి వస్తుంది? పైగా లాభం పెరిగిన ఏడాది బ్యాంకులో డబ్బు పెరగలేదు, కస్టమర్ల బాకీలు పెరగలేదు, సప్లయర్లకి కట్టాల్సింది తగ్గలేదు. పెరిగింది ఒక్క స్టాకే. అలా కనిపించినప్పుడు మొదట అనుమానించాల్సింది కౌంటింగ్ షీట్‌నే.

ఆ మిక్సర్ ఐటమ్ లెడ్జర్ తీశాను. కొన్నవి, అమ్మినవి అన్నీ పీసుల్లో సరిగ్గా ఉన్నాయి. రెండు అడ్జస్ట్‌మెంట్ ఎంట్రీలు మాత్రం కనిపించాయి. 2021 డిసెంబర్ 31న 800 పీసులు కలిపారు, 2022 డిసెంబర్ 31న సరిగ్గా 800 పీసులు తీసేశారు. దొంగతనం చేసేవాడు పోయిన ఏడాది ఎన్ని ఎక్కువ వచ్చాయో చూసి, ఒక్కటి తేడా లేకుండా అన్నే ఎత్తుకెళ్తాడా?

గోడౌన్‌కి వెళ్లి అడిగాను. "అన్నా, 2021 డిసెంబర్‌లో ఇవి ఎలా లెక్కపెట్టారు?" అంటే, "కార్టన్లే లెక్కవెట్టినం సార్, పీసులు లెక్కవెట్టలే. 80 కార్టన్లు ఉండె, 80 రాసిచ్చినం. లోపల ఎన్నున్నయో ఆఫీసుల కంప్యూటరే చూసుకుంటది కదా" అన్నాడు. ఆయన రాసిచ్చింది పూర్తిగా కరెక్ట్. సప్లయర్ అంతకుముందు కార్టన్‌కి 20 పీసులు పెట్టి పంపేవాడు, 2021 మధ్య నుంచి 10 పెట్టడం మొదలెట్టాడు. ప్యాకింగ్ లిస్టులో ఆ సంగతి ఉంది కూడా. సిస్టమ్‌లో మాత్రం ఒక కార్టన్ అంటే 20 అనే ఉంది. 80 కార్టన్లని 20తో గుణిస్తే 1,600, నిజంగా ఉన్నవి 800. ఆ తర్వాత 2022లో ఇన్‌వాయిస్ కొట్టేటప్పుడు ప్రతిసారీ పీసులు చేత్తో సరిదిద్దుకోవాల్సి వస్తోందని ఒక సేల్స్‌మన్ గోల చేస్తే 20ని 10 చేశారు, వెనక్కి వెళ్లి పాత కౌంట్ చూసినవాళ్లు లేరు.

ఇంకో మాట కూడా చెప్పాలి. స్టాక్ తక్కువ వస్తే ఆఫీసంతా టెన్షన్, మళ్లీ లెక్కపెట్టు, సీసీటీవీ చూడు, సంతకం ఎవరిది అని. ఎక్కువ వస్తే ఎవరూ ఏమీ అడగరు, "ఎక్కడో మిస్ అయిన సరుకు దొరికిందిలే" అని అడ్జస్ట్‌మెంట్ కొట్టేస్తారు. 2021లో జరిగింది అదే. నన్నడిగితే ఎక్కువ వచ్చిన దాన్నే రెండుసార్లు లెక్కపెట్టాలి. సరుకు దానంతటదే పుట్టదు కదా.

"రెండేళ్లలో సర్దుకుంది కదా, వదిలేయ్" అని ఆడిటర్ ఆఫీసు కుర్రాడు అన్నాడు. మొత్తం సర్దుకున్న మాట నిజమే. మనుషుల మధ్య సర్దుకోలేదు. అక్కడ మేనేజర్‌కి నికర లాభంలో 10 శాతం బోనస్. 2021 మేనేజర్ 8,000 బదులు 12,000 తీసుకుని, వేరే ఉద్యోగం చూసుకుని వెళ్లిపోయాడు. 2022లో వచ్చినాయనకి 8,000 బదులు 4,000 లెక్క తేలింది, పైగా వ్యాపారం ముంచాడన్న పేరు. ఆ మధ్యలో ఒక పార్ట్‌నర్ వాటా తీసుకుని బయటికి వెళ్లి ఉంటే గొడవ ఇంకా పెద్దదయ్యేది.

ఇప్పుడైతే ట్యాక్స్ కూడా ఉంది. 2023 జూన్ 1 నుంచి మొదలయ్యే ఆర్థిక సంవత్సరాలకి యూఏఈలో కార్పొరేట్ ట్యాక్స్ వచ్చింది, 3,75,000 దిర్హాముల వరకు సున్నా, దాటిన దాని మీద 9 శాతం. చిన్న వ్యాపారాల రిలీఫ్ తీసుకోని కంపెనీ ఒకటి అనుకోండి, నిజమైన లాభం ఏటా 3,60,000. ట్యాక్స్ ఏమీ లేదు. ఇదే 40,000 తప్పు పడితే మొదటి ఏడాది లాభం 4,00,000 అవుతుంది, దాటిన 25,000 మీద 2,250 కట్టాలి. రెండో ఏడాది 3,20,000, ట్యాక్స్ సున్నా. ఆ 2,250 మాత్రం దానంతటది తిరిగి రాదు, తప్పు చూపించి అడిగితే తప్ప.

రెండేళ్లలో సర్దుకోవడం కూడా రెండో కౌంట్ సరిగ్గా ఉంటేనే. కార్టన్‌కి 20 అనే అంకె సిస్టమ్‌లో అలాగే ఉండి, 2022 చివర్లో కూడా 80 కార్టన్లే మిగిలి ఉంటే, మొదట్లోనూ చివర్లోనూ 40,000 ఎక్కువే పడేది, 2022 లాభం చక్కగా 80,000 చూపించేది. లేని సరుకు బ్యాలెన్స్ షీట్‌లో కూర్చుని, ఎవరో నిజంగా పీసులు లెక్కపెట్టిన ఏడాది మీద మొత్తం ఒకేసారి పడేది. కాబట్టి లాభం నిలకడగా ఉంది కాబట్టి స్టాక్ కరెక్ట్ అనుకోవడానికి లేదు.

తప్పు రెండో వైపు పడితే అన్నీ తలకిందులు. డిసెంబర్ 30న జెబెల్ అలీ పోర్టులో దిగిన కంటైనర్ ఇన్‌వాయిస్ ఎంట్రీ చేసి, సరుకు ఇంకా గోడౌన్‌కి రాలేదని కౌంట్‌లో వదిలేస్తే ఈ ఏడాది లాభం తగ్గుతుంది, వచ్చే ఏడాది పెరుగుతుంది. ఇన్‌వాయిస్ కూడా ఎంట్రీ చేయకపోతే తమాషాగా లాభానికి ఏమీ కాదు, కొనుగోలూ లేదు, స్టాకూ లేదు. స్టాక్, సప్లయర్ బాకీ మాత్రం రెండూ తక్కువ కనిపిస్తాయి.

మేం సరిదిద్దింది ఇలా. 40,000ని 2022 నష్టంగా వదిలేయకుండా ఐఏఎస్ 8 అనే అంతర్జాతీయ అకౌంటింగ్ ప్రమాణం చెప్పినట్టు 2021 అంకెల్నే మార్చాం. 2022 ఓపెనింగ్ స్టాక్ 2,00,000కి దించి, ఆ 40,000 తేడాని పాత లాభాల మిగులులోంచి తీసేశాం. ఇప్పుడు రెండేళ్లూ 80,000 చొప్పున పక్కపక్కన కనిపిస్తాయి. కొత్త మేనేజర్‌కి మిగిలిన 4,000 ఓనర్ ఇచ్చాడు, పాతాయన తీసుకెళ్లిన 4,000 పోయినట్టే. జగిత్యాల అన్నకి సారీ ఎవరూ చెప్పలేదు, అనుమానం ఆగిపోయింది, అంతే. ఆ ఏడాది నుంచి కౌంట్ షీట్‌లో కార్టన్ల పక్కన "విప్పి చూసిన కార్టన్‌లో ఎన్ని" అని ఇంకో గడి పెట్టాం. ఖరీదైన ఐటమ్స్ ప్రతి లాట్‌లో ఒక కార్టన్ టేప్ కోసి చూడాల్సిందే. డిసెంబర్ 31 రాత్రి ఇంకో గంట ఆలస్యమవుతుంది, అందరూ తిట్టుకుంటారు.