ఆ మరకలకు కారణం ఇదీ

"అయిపోయింది, చూస్తారా?" అంటూ డాక్టర్ చిన్న సీసా చూపించారు. అడుగున కందిగింజంత ఎర్రటి కండ.

లైంగిక కలయిక తర్వాత కనిపించే రక్తపు మరకలకు కారణం ఇదేనట. గర్భాశయ ముఖద్వారం నుంచి సన్నటి కాడతో వేలాడే పాలిప్. మెత్తగా, రక్తనాళాలతో నిండి ఉంటుంది, తగిలితే చాలు రక్తం వస్తుంది.

యోనిని తెరిచి ఉంచే స్పెక్యులమ్ పెట్టి, ఫోర్సెప్స్‌తో కాడ పట్టుకుని మెల్లగా మెలితిప్పారు. మత్తు ఇవ్వలేదు. నెలసరి నొప్పిలా పొత్తికడుపు ఒక్కసారి పట్టేసింది, అంతే. రక్తం ఆగడానికి సిల్వర్ నైట్రేట్ పుల్లతో అద్దారు. కాడ మొదలు లావుగా ఉంటే మాత్రం, సన్నటి కెమెరా గొట్టంతో గర్భాశయం లోపల చూసే హిస్టెరోస్కోపీ అవసరం కావచ్చట.

ఇవి చాలావరకు క్యాన్సర్ కావు. అయినా ముక్కను బయాప్సీకి పంపారు. తీసే ముందే, ముఖద్వారం కణాలను పరీక్షించే పాప్ టెస్ట్ కూడా చేశారు, ఎందుకంటే ఇలా రక్తం రావడానికి వేరే కారణాలూ ఉంటాయి. కొద్దిరోజులు మరకలు మామూలేనట. రక్తం ఎక్కువైనా, జ్వరం వచ్చినా, వాసన వేసినా వెంటనే రమ్మన్నారు.