నీటి మీటర్ల పైలట్: 8.64 లక్షలు ఖర్చు చేసే ముందు 12 ఫ్లాట్లలో ఏం చూశాం (నా అనుభవం)

కూకట్‌పల్లిలో మా అపార్ట్‌మెంట్ రెండు బ్లాకులు, 96 ఫ్లాట్లు. వేసవిలో నాలుగు నెలలు రోజుకు మూడు ట్యాంకర్లు తెప్పిస్తాం. 10,000 లీటర్ల ట్యాంకర్ మాకు 1,500 రూపాయలు పడుతోంది. ఫ్లాటుకో మీటర్ పెట్టి వాడినంతకే వసూలు చేస్తే వాడకం తగ్గుతుందన్నది ప్రతిపాదన. చిక్కేమిటంటే ఒక్కో ఫ్లాటుకు నీళ్లు ఒక పైపులో రావు. రెండు బాత్‌రూముల డక్టుల నుంచి ఒక్కొక్కటి, వంటింటి వైపు ఒకటి. అంటే 288 మీటర్లు, బిగింపుతో కలిపి ఒక్కోటి 3,000 చొప్పున 8.64 లక్షలు.

పైలట్ కంటే ముందు కాగితం మీద ఒక లెక్క తేల్చుకోవాలి: ఎంత తగ్గితే గిట్టుబాటు? నాలుగేళ్లలో డబ్బు తిరిగి రావాలంటే ఏడాదికి 2.16 లక్షలు మిగలాలి. రోజుకు ఒక ట్యాంకర్ తగ్గితే 120 రోజులకు 1.8 లక్షలు. కాబట్టి రోజుకు 1.2 ట్యాంకర్లు, అంటే 12,000 లీటర్లు తగ్గాలి. మనిషికి రోజుకు 135 లీటర్ల చొప్పున ఫ్లాటుకు నలుగురనుకుంటే మా మొత్తం వాడకం 52,000 లీటర్ల దాకా ఉంటుంది. అందులో ఇది 23 శాతం.

12 ఫ్లాట్లతో 20 శాతానికీ 25 శాతానికీ తేడా పట్టుకోలేం. ఒక ఇంట్లో చుట్టాలొస్తే చాలు, సగటు కదిలిపోతుంది. అందుకే మూడు గీతలు ముందే రాసి కమిటీ చేత సంతకాలు పెట్టించాం: 30 శాతం దాటితే మొత్తం బిగిద్దాం, 15 లోపైతే ఆపేద్దాం, మధ్యలో ఉంటే ఇంకో 12 ఫ్లాట్లలో చూద్దాం. ఫలితం చేతికొచ్చాక గీత గీస్తే అది ఎప్పుడూ మనకు కావలసిన చోటే పడుతుంది.

ఫ్లాట్లను ఎంచుకోవడంలో ఉత్సాహంగా ముందుకొచ్చిన వాళ్లను తీసుకోలేదు, వాళ్లు ఎలాగూ పొదుపు చేస్తారు. పై అంతస్తు, మధ్య అంతస్తు, కింది అంతస్తుల నుంచి నాలుగేసి తీసుకున్నాం. ప్రతి అంతస్తులో చీటీలు వేసి రెండు ఫ్లాట్లకు ధర పెట్టాం, మిగతా రెండింటిలో రీడింగ్ మాత్రమే. మొత్తం పైలట్‌ను మార్చి నెలాఖరుకు ముగించాం. బడి సెలవులిస్తే ఇళ్లకు తాళాలు పడతాయి, లెక్కలు పాడవుతాయి.

అన్నిటికంటే ఎక్కువ మోసం చేసేది లీకు. రాత్రి 11కు, తెల్లవారి 5కు రీడింగ్ తీసి చూస్తే నాలుగు ఫ్లాట్లలో అందరూ పడుకున్నా మీటర్ తిరుగుతోంది. అంతా ఫ్లష్ ట్యాంకుల వాషర్లే. వాటిని మొదటే మార్పించి, ఆ తర్వాతే మూడు వారాల మామూలు వాడకం కొలిచాం. మధ్యలో మార్పిస్తే లీకు ఆగినందువల్ల మిగిలిన నీళ్లు ధర వల్ల మిగిలినట్టు కనిపిస్తాయి.

తర్వాత నాలుగు వారాలు నిజమైన డబ్బుతో నడిపాం. ఉత్తుత్తి బిల్లు చేతికిస్తే ఎవరూ కుళాయి కట్టేయరు. ఒక్కో ఫ్లాటు పేరున దాని మామూలు వాడకానికి సరిపడా మొత్తం, సుమారు 2,300 రూపాయలు, జమ వేసి వెయ్యి లీటర్లకు 150 చొప్పున తీసేశాం. మిగిలితే వాళ్లకు ఇచ్చాం, దాటితే వాళ్లు కట్టారు. ఈ లెక్క మామూలు వాడకం కొలిచాకే చెప్పాలి. ముందే తెలిస్తే ఆ మూడు వారాలు కావాలని ఎక్కువ వాడే వీలుంటుంది.

మీటర్లు బిగించిన రోజే ప్లంబర్ అన్నాడు, "పైనోళ్లకు ధార తక్కువొస్తది సార్" అని. అలాగే జరిగింది. ఓవర్‌హెడ్ ట్యాంకుకూ పై అంతస్తు షవర్‌కూ మధ్య ఎత్తు మూడు మీటర్లే. ఆ కాస్త ఒత్తిడిలో మీటర్ కొంత తినేస్తుంది. పైగా బోరు ఇసుక మీటర్ లోపలి జాలీలో చేరితే ధార ఇంకా సన్నబడుతుంది. అక్కడ నీళ్లు తక్కువ వాడారంటే పొదుపు చేసినట్టు కాదు, రానందువల్ల వాడలేదు. బకెట్ నిండే సమయాన్ని బిగించే ముందు, తర్వాత కొలిస్తే ఈ సంగతి తెలుస్తుంది. పై ఫ్లాట్లకు 15 మిల్లీమీటర్ల బదులు 20 మిల్లీమీటర్ల మీటర్లు మార్చి, ఆ నాలుగింటికీ మామూలు వాడకం మళ్లీ మొదటి నుంచి కొలిచాం. వాటి ధర ఎక్కువ, అది అసలు బడ్జెట్‌లో లేదు.

చివరికి ధర పెట్టిన ఆరు ఫ్లాట్లలో వాడకం 17 శాతం తగ్గింది. ఎండలు ముదిరినందువల్ల రీడింగ్ మాత్రమే తీసిన ఆరింటిలో 4 శాతం పెరిగింది. తేడా 21. అయితే ఒక్క ఫ్లాటే 42 శాతం తగ్గించింది. దాన్ని పక్కన పెడితే తేడా 16కు దిగుతుంది. రెండు విధాలా మధ్య గీతలోనే ఉన్నాం కనుక డబ్బు విడుదల చేయలేదు. రెండో విడతలో మరో 12 ఫ్లాట్లకు మీటర్లు పెడుతున్నాం. రెండో బ్లాకులో మాత్రం ఫ్లాట్లలో మీటర్లేమీ లేకుండా ఫ్లష్ వాషర్లన్నీ మార్పించి, ఆ బ్లాకు ట్యాంకు దగ్గర ఒక్క మీటరుతో ఎంత తగ్గుతుందో కొలుస్తున్నాం.