మీ అబ్బాయి సంచిలో దొరికిన దాని గురించి

అమ్మా,

మీ ఉత్తరం నిన్న రాత్రి రెండుసార్లు చదివాను. పదో తరగతి చదివే కొడుకు పుస్తకాల సంచిలో పెన్‌డ్రైవ్ లాంటిది కనబడటం, మూత తీస్తే మామిడిపండు వాసన రావడం, పక్కింటి కాలేజీ అమ్మాయి చూసి అది వేప్ అని, అంటే నికోటిన్ ఆవిరి పీల్చే ఎలక్ట్రానిక్ సిగరెట్ అని చెప్పడం, అప్పటినుంచి మీకు నిద్ర పట్టకపోవడం అన్నీ రాశారు. వాడిని కొట్టాలా, ఆయనకు చెప్పాలా, బడికి వెళ్లి అడగాలా అని మీరు అడిగారు. వాటికంటే ముందు నా సొంత జబ్బు గురించి చెప్పాలి. మీ అబ్బాయి ఒంట్లో ఏం జరుగుతోందో నాకు పుస్తకాల్లోకంటే అక్కడే ఎక్కువ తెలిసింది.

నేను వైద్య కళాశాల రెండో ఏడాదిలో, 19 ఏళ్ల వయసులో సిగరెట్ మొదలుపెట్టాను. 2012 ఫిబ్రవరిలో మేడారం జాతరకు ఆరోగ్య శిబిరం విధుల మీద వెళ్లేనాటికి రోజుకు పన్నెండు కాల్చేవాడిని. జాతర దుమ్ము మీకు తెలుసు. తిరిగి వచ్చిన మర్నాడే చలి జ్వరం, గాలి పీలిస్తే కుడి పక్కన పోటు. ఎక్స్‌రేలో కుడి ఊపిరితిత్తి కింది భాగమంతా తెల్లగా కనబడింది. న్యుమోనియా. ఆసుపత్రిలో పడుకోబెట్టి నరం ద్వారా మందులు ఎక్కించారు.

మూడో రోజుకు జ్వరం దిగిపోయింది. కానీ మనిషిని అంతకుముందుకంటే అధ్వాన్నంగా ఉన్నాను. చేతులు ఒకచోట నిలవలేదు, పేపరులో ఒక వార్త పూర్తిగా చదవలేకపోయాను, రాత్రంతా ఏవేవో కలలు. అమ్మ ఇంటి నుంచి జావ తెస్తే చల్లగా ఉందని అరిచి గ్లాసు తోసేశాను. ఆమె నేల తుడిచి, వరండాలోకి వెళ్లి ఏడ్చింది.

ఆ సాయంత్రం నన్ను చూస్తున్న పెద్ద డాక్టరు గారు ఒకే ప్రశ్న వేశారు: “పొద్దున లేచాక ఎంతసేపటికి మొదటి సిగరెట్ వెలిగిస్తావు?” మంచం దిగకముందే అన్నాను. ఆయన అమ్మను లోపలికి పిలిచి, “మీ వాడికి మీ మీద కోపం లేదమ్మా. మూడు రోజులుగా ఒంట్లోకి నికోటిన్ వెళ్లలేదు, ఇవాళ ఆ లోటు శిఖరాన ఉంది” అని చెప్పారు. అంతవరకు నేను కూడా దాన్ని కోపమే అనుకున్నాను.

పొగ పీల్చిన కొద్ది సెకన్లలోనే నికోటిన్ మెదడును చేరుతుంది. రోజూ అది అందుతుంటే మెదడు దానికి తగ్గట్టు తనను మార్చుకుంటుంది. రక్తంలో నికోటిన్ దాదాపు ప్రతి రెండు గంటలకూ సగానికి తగ్గిపోతుంటుంది. తగ్గినప్పుడల్లా చిరాకు, అశాంతి. మళ్లీ పీలిస్తే ఉపశమనం. నా చివరి నాలుగైదేళ్లలో సిగరెట్ నాకు సంతోషం ఇచ్చింది లేదు, తాను తెచ్చిన బాధను తానే కాసేపు తగ్గించేది. పదిహేనేళ్ల మెదడు ఇంకా ఎదుగుతూ ఉంటుంది కనుక ఈ బంధం నాకంటే మీవాడికి త్వరగా బిగుస్తుంది.

వేప్‌లో ఇంకో చిక్కు ఉంది. సిగరెట్ కాలిపోయి ఆగుతుంది, వేప్‌కు ఆ ఆగడం లేదు. చాలా వాటిలో నికోటిన్‌ను ఆమ్లంతో కలిపి లవణంగా మారుస్తారు. అందువల్ల గొంతు మండదు, ఎంత బలమైనదైనా పిల్లలు దగ్గకుండా పీల్చగలరు. మీరు చూసి రాసిన పట్టీ మీద 5 శాతం, 2 మిల్లీలీటర్లు అని ఉంది కదా. అంటే మిల్లీలీటరుకు సుమారు 50 మిల్లీగ్రాములు, మొత్తం 100. అదంతా ఒంట్లోకి వెళ్లదు. అయినా ఒక సిగరెట్ నుంచి శరీరానికి చేరేది ఒకటి రెండు మిల్లీగ్రాములేనని గుర్తుంచుకుంటే ఆ చిన్న వస్తువు ఎంతటిదో తెలుస్తుంది. పైగా మన దేశంలో 2019 నుంచి వీటి తయారీ, అమ్మకం, నిల్వ అన్నీ చట్టం నిషేధించింది. దొంగచాటుగా వచ్చే సరుకు మీది అంకెలను నేను పూర్తిగా నమ్మను. నికోటిన్ లేదని రాసి ఉన్నా నమ్మను.

కాబట్టి ముందు కొట్టవద్దు. ఆయనకు చెప్పండి, కానీ ఇద్దరూ కలిసి వాడి ముందు కోర్టులా కూర్చోవద్దు. ఒక్కరే, అన్నం తిన్న తర్వాత, “సంచిలో ఇది చూశాను, నాకు భయమేసింది” అనండి. ఎవరిచ్చారన్నది ఆ రోజు వదిలేయండి. స్నేహితుడి పేరు కాపాడుకోవడానికి వాడు అబద్ధం మొదలుపెడితే మిగతా ప్రశ్నలకూ నిజం రాదు. నన్ను అడిగిన ప్రశ్నే వాడిని అడగండి: లేచిన ఎంతసేపటికి? వారానికి ఒకసారి మిత్రులతో పీల్చేవాడి సంగతి వేరు. అరగంటలోపే కావలసివస్తే, రాత్రి మధ్యలో లేచి బాత్రూంకు వెళ్తుంటే వాడికి చికిత్స కావాలి. రాత్రిళ్లు లేస్తున్నాడని మీరు రాసిన వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను.

మానే రోజును వాడినే ఎంచుకోనివ్వండి, కానీ పరీక్షల వారం వద్దు. బతుకమ్మ, దసరా సెలవులు దగ్గరలోనే ఉన్నాయి, అవి మంచివి. మొదటి రోజు నుంచే చిరాకు మొదలవుతుంది, రెండు మూడు రోజులకు ఎక్కువవుతుంది, ఆపై రెండు నుంచి నాలుగు వారాల్లో క్రమంగా తగ్గుతుంది. ఆ మూడు రోజుల్లో వాడు పళ్లెం తోసేస్తే మా అమ్మను తలుచుకోండి. పీల్చాలనే తపన వచ్చినప్పుడు కొద్ది నిమిషాలే బలంగా ఉంటుంది. ఆ కొద్దిసేపు వాడిని ఏదో పని మీద వీధి చివరిదాకా పంపితే చాలు.

నాకు పెద్ద డాక్టరు గారు నికోటిన్ గమ్ రాశారు. మొదట మామూలు చూయింగ్ గమ్‌లా నమిలి ఎక్కిళ్లు, వికారం తెచ్చుకున్నాను. కొంచెం నమిలి, నాలుక చురుక్కుమనగానే బుగ్గలో పెట్టి ఆపాలని తర్వాత నేర్చుకున్నాను. మందుల షాపులో దొరుకుతుంది కదా అని మీరు కొని ఇవ్వకండి. 18 ఏళ్లలోపు పిల్లల్లో అది ఎంత పనిచేస్తుందన్నదానికి రుజువులు తక్కువ. వాడిని చూసి, వాడితో ఒంటరిగా మాట్లాడాకే నేను నిర్ణయిస్తాను.

ఆసుపత్రి నుంచి వచ్చాక కొన్ని వారాలు నాకు దగ్గు, కళ్లె పెరిగాయి. పొగ వల్ల మందగించిన శ్వాసనాళాల నూగు మళ్లీ కదిలి చెత్తను పైకి తోస్తుంటే అలా జరుగుతుంది. నలభయ్యో రోజున టీ కొట్టు దగ్గర స్నేహితుడి చేతిలో సిగరెట్ తీసుకుని రెండు దమ్ములు లాగాను. ఇంటికొచ్చి అమ్మకు చెప్పాను. “మరి రేపు?” అని అడిగింది, అంతే. అక్కడ ఆమె తిట్టి ఉంటే నేను తర్వాతి దమ్ము దాచేవాడిని. మే నెలలో పద్మాక్షి గుట్ట మెట్లు ఆగకుండా ఎక్కాను.

మీవాడికి ఛాతీలో నొప్పి, ఆయాసం, జ్వరంతో ఆగని దగ్గు, లేదా వాంతులతో కడుపునొప్పి వస్తే సెలవుల కోసం చూడకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, వేప్ సంగతి దాచకుండా చెప్పండి. 2019లో అమెరికాలో వేప్ పీల్చినవారిలో ఊపిరితిత్తులు దెబ్బతిన్నది ఇలాంటి లక్షణాలతోనే. వారిలో ఎక్కువమంది పీల్చింది గంజాయి సారం కలిపిన ద్రవమే అయినా, మీ చేతిలో ఉన్నదానిలో ఏముందో మనకు తెలియదు.

ఆ వస్తువును పగలగొట్టకండి, పొయ్యిలో వేయకండి, లోపల బ్యాటరీ ఉంటుంది. ద్రవం కారితే చేతికి అంటనివ్వకండి, మీ చిన్నపాపకు అందనంత ఎత్తులో పెట్టండి. కవరులో చుట్టి, శనివారం సాయంత్రం ఆరింటికి వాడితోపాటు హనుమకొండలోని నా గదికి తీసుకురండి. వాడు రానంటే మీరొక్కరే రండి.