నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?

పోయిన ఏడాది ఈ రోజుల్లో నేను తొమ్మిదిలో ఉన్నాను. ఇప్పుడు పదిలో ఉన్నాను కాబట్టి ఇది రాసే టైమ్ నిజానికి నాకు లేదు, కానీ ఈసారి మ్యాగజైన్ చూస్తున్న తొమ్మిదో క్లాస్ తమ్ముళ్లు వచ్చి "అన్నా, సర్వేకి టాపిక్ ఎలా పట్టుకున్నారు" అని అడిగారు. నోటితో చెప్తుంటే సగం మర్చిపోతున్నాను. అందుకే రాసి ఇచ్చేస్తున్నా.

మా స్కూల్ విశాఖపట్నంలో ఎంవీపీ కాలనీ వైపు. ఏటా యాన్యువల్ డేకి మ్యాగజైన్ వేస్తారు. పదో క్లాస్ వాళ్లని ఏ పనికీ కదపరు కాబట్టి ఎడిటింగ్ అంతా తొమ్మిది వాళ్ల మీదే పడుతుంది. సంక్రాంతి సెలవులయ్యాక మ్యాగజైన్ చూసే తెలుగు సార్ మా నలుగురిని పిలిచి, ఈసారి కవితలు, జోకులే కాకుండా ఒక సర్వే కూడా వేద్దామన్నారు. విషయం పబ్లిక్ పరీక్షల ముందు పిల్లల ఒత్తిడి. "టాపిక్ మీరే తేల్చుకోండి, శుక్రవారానికి చెప్పండి" అన్నారు. టాపిక్ ఇచ్చేసి మళ్లీ టాపిక్ తేల్చుకోమంటారేంటి అని మేం నవ్వుకున్నాం. శుక్రవారం కాదు కదా, ఆ తర్వాత రెండు శుక్రవారాలు దాటినా తేలలేదు.

మొదట మేం పెట్టుకున్నది "పదో తరగతి విద్యార్థుల్లో ఒత్తిడికి కారణాలు". కింద తొమ్మిది కారణాలు, పక్కన టిక్ పెట్టడానికి గళ్లు. సిలబస్ ఎక్కువ, అమ్మానాన్నల ఆశలు, మార్కులు, ఫోన్, చుట్టాలు అడిగే ప్రశ్నలు, ఇలాగ. ముందు పన్నెండుమంది చేత నింపించి చూడమన్నారు సార్. నీళ్ల ట్యాంక్ దగ్గర పది వాళ్లని పట్టుకుని నింపించాం. పన్నెండుమందిలో ఎనిమిది మంది తొమ్మిది గళ్లకీ టిక్ పెట్టేశారు. ఒకన్నయ్య ఒక్కదానికీ పెట్టలేదు. "నాకేం ఒత్తిడి లేదురా, బీపీ మా నాన్నకుంది" అన్నాడు. జోక్ అనుకున్నాం గానీ కాదు. ఇంకో అక్క ఒత్తిడి అంటే ఇంట్లో వాళ్లు గట్టిగా చదవమనడం అనుకుంది, వాళ్లింట్లో ఎవరూ ఏమీ అనరు కాబట్టి "లేదు" అని రాసింది. అదే అక్క ఆ వారంలోనే స్లిప్ టెస్ట్ రోజు పొద్దున వాంతి చేసుకుందని మా అందరికీ తెలుసు. మేం అడిగింది ఒకే మాట, ఎవరి మనసులో ఉన్న అర్థం వాళ్లది. అన్నిటికీ టిక్ పడ్డ కాగితాల మీద నుంచి ఏం రాయాలి? అన్నీ కారణాలే అని రాస్తే ఆ సంగతి సర్వే లేకుండా కూడా రాయొచ్చు.

అప్పుడు సార్ ఎక్కడి నుంచో ఒక ప్రింటవుట్ తెచ్చారు. పర్సీవ్డ్ స్ట్రెస్ స్కేల్ అని, మనకి ఎంత ఒత్తిడి అనిపిస్తోందో కొలిచే ప్రశ్నల కాగితం, అమెరికాలో కోహెన్ అనే సైకాలజిస్టు ఇంకో ఇద్దరితో కలిసి 1983లో తయారు చేసినది. ఇప్పుడు ఎక్కువగా వాడేది పది ప్రశ్నల రకం. ఒక్కో ప్రశ్నకి సున్నా నుంచి 4 దాకా, మొత్తం 40. మాకు భలే సంబరమేసింది, ఎందుకంటే చివర్లో ఒక నంబర్ వస్తుంది, నంబర్ ఉంటే మ్యాగజైన్‌లో గొప్పగా ఉంటుంది. ఇద్దరం కూర్చుని తెలుగులోకి మార్చాం. మార్చాక తెలిసింది తలనొప్పి. అందులో నాలుగు ప్రశ్నలు మంచి వైపు నుంచి అడిగినవి, అంటే అనుకున్నట్టే జరుగుతోందని అనిపించిందా లాంటివి. వాటికి మార్కులు తిరగేసి వేయాలి, 4 పెడితే సున్నా. మేం మొదటిసారి తిరగేయకుండానే కూడేశాం. అది సరిదిద్దుకోగలిగే తప్పే. సరిదిద్దలేనివి వేరే ఉన్నాయి. ఆ ప్రశ్నలన్నీ "గత నెలలో" అని మొదలవుతాయి, మేం అడిగేది జనవరి చివర్లో, అంటే గత నెలలో సగం పండగ సెలవులు, గాలిపటాలు, అమ్మమ్మగారిల్లు. పైగా మా ఇద్దరి తెలుగులో ఆ పది ప్రశ్నలు అసలు ప్రశ్నలేనా అన్నది ఎవరు చెప్తారు? అది జబ్బు తేల్చే పరీక్ష కూడా కాదు. ఒకరికి 22 వచ్చిందనుకోండి, అది చూసి ఆ పిల్లకి మేం ఏం చెప్తాం? దాన్ని కూడా పక్కన పెట్టేశాం.

ఈ మధ్యలో మా నలుగురిలో ఒకడు ఒక ప్రశ్న పెట్టాలని పట్టుబట్టాడు. ఎప్పుడైనా బతకాలనిపించలేదా అని. వాడికి అది ఊరికే రాలేదు, వాళ్ల వీధిలో ఏదో జరిగింది. పెడదామనే అనుకున్నాం, పేరు రాయక్కర్లేదు కదా అని. సార్ చదివి చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత ఒకటే అడిగారు, "ఎవరైనా అవునని రాస్తే ఆ సాయంత్రం నువ్వేం చేస్తావు?" పేరు లేకపోతే ఎవరి దగ్గరికి వెళ్లాలో తెలీదు. చేతిరాత చూసి వెతికితే పేరు అడగం అని ఇచ్చిన మాట పోయింది. మా దగ్గర జవాబు లేదు, ప్రశ్న తీసేశాం. దాని బదులు స్లిప్పు కింద మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసే ప్రభుత్వ హెల్ప్‌లైన్ టెలీ మానస్ నంబర్ 14416 వేశాం, ఏ టైమ్‌లోనైనా ఫ్రీగా మాట్లాడొచ్చు, తెలుగులోనే మాట్లాడతారు అని. ఇది నేను ఇప్పుడున్న తమ్ముళ్లకి గట్టిగా చెప్తున్నా. జవాబు వచ్చాక మీరు ఏమీ చేయలేని ప్రశ్న మీ కాగితం మీద ఉండకూడదు.

టాపిక్ దొరికింది మాత్రం అనుకోకుండా. ఒత్తిడి అన్న మాట లేకుండా ఏదైనా లెక్కపెట్టగలిగేది అడుగుదామని నిద్ర పట్టుకున్నాం. టీనేజ్ వాళ్లకి రోజుకి ఎనిమిది నుంచి పది గంటలు కావాలని డాక్టర్లు చెప్తారు కదా, దాంతో పోల్చి చూద్దామని. "రోజుకి ఎన్ని గంటలు నిద్రపోతావు?" అని అదే నీళ్ల ట్యాంక్ దగ్గర అడిగితే ఒకరి తర్వాత ఒకరు "ఆరు" అన్నారు. ఆరు, ఆరు, ఆరు. ఏదో పాఠం అప్పజెప్పినట్టు. స్టడీ అవర్‌లో సార్లు ఆరు గంటలు చాలు అంటారు కాబట్టి అందరి నోట్లోనూ ఆరే ఉంది. అప్పుడు మాలో ఒకమ్మాయి మాట మార్చి అడిగింది. "అక్కా, నిన్న రాత్రి ఎన్నింటికి పడుకున్నావు? పొద్దున్న ఎన్నింటికి లేచావు?"

అంతే, ఆరు మాయమైపోయింది. రోజుకి ఎన్ని గంటలంటే తెలీదు, అంచనా వేస్తారు, లేదా మంచిగా కనిపించేది చెప్తారు. నిన్న రాత్రంటే గుర్తుంటుంది. ఒకన్నయ్య కూర్మన్నపాలెం నుంచి వస్తాడు. సాయంత్రం స్టడీ అవర్ వదిలేది 7:40కి, ఇంటికి చేరేసరికి 8:55. తినేసి, రాసుకుని 11:45కి పడుకున్నాడు. ఉదయం స్టడీకి ఏడున్నరకి ఉండాలి, ఆరింటి బస్సు పట్టుకోవాలి, అందుకని 4:50కి లేచాడు. అంటే అయిదు గంటల అయిదు నిమిషాలు. పక్కనే నిలబడ్డ ఇంకో అన్నయ్య ఇల్లు స్కూల్ వెనక సెక్టార్‌లోనే. వాడు పన్నెండున్నరకి పడుకుని ఆరున్నరకి లేచాడు. ఆరు గంటలు. చూడండి, దగ్గరున్నవాడే ఆలస్యంగా పడుకున్నాడు, అయినా ఎక్కువ నిద్రపోయాడు. మేం రాత్రి చదువు నిద్రని తినేస్తుందనుకున్నాం, ఈ ఇద్దరి విషయంలో తినేస్తున్నది పొద్దుటి బస్సు. నిజమేనా, అందరికీ అలాగే ఉందా అన్నది మాకు తెలీదు. తెలీదు కాబట్టే అడగాలనిపించింది. అప్పటిదాకా అనుకున్న టాపిక్‌లన్నిటికీ జవాబు మాకు ముందే తెలుసు.

టాపిక్ చిన్నదైపోయింది, "స్కూల్‌కి దూరం, పది వాళ్ల నిద్ర". ఒత్తిడి మీద అడిగితే ఇదేంటి, బస్సుల మీద సర్వేలా ఉంది అన్నారు సార్ మొదట. ఆ ఇద్దరు అన్నయ్యల టైములు బోర్డు మీద రాసి చూపించాక ఒప్పుకున్నారు. నిద్ర తక్కువైతే ఒత్తిడి ఎక్కువని మాత్రం మ్యాగజైన్‌లో రాయొద్దన్నారు, మనం కొలిచింది నిద్రనే అని.

ఇక మిగిలినవి చిన్న చిన్న తంటాలు. ఏ రోజు అడగాలి అన్నది ముఖ్యం. సోమవారం అడిగితే నిన్న రాత్రి ఆదివారం అవుతుంది, స్లిప్ టెస్ట్ రోజు అడిగితే అందరూ రాత్రంతా కూర్చున్నవాళ్లే. స్లిప్ టెస్ట్ లేని ఒక బుధవారం పెట్టుకున్నాం. ఊరి పేరు రాయించాలనుకున్నాం గానీ భీమిలి నుంచి వచ్చేది క్లాసు మొత్తానికి ఒకే ఒక్క అక్క, భీమిలి అని రాస్తే పేరు రాసినట్టే. అందుకని ఊరు తీసేసి, నిన్న ఇంటికి చేరడానికి ఎంతసేపు పట్టింది అని అడిగి మూడు గళ్లు ఇచ్చాం: అరగంట లోపు, అరగంట నుంచి గంట, గంట పైన. సెక్షన్, అమ్మాయా అబ్బాయా అన్నవి కూడా తీసేశాం, అవన్నీ కలిపితే మళ్లీ మనిషి దొరికిపోతాడు. గూగుల్ ఫారం వద్దు, చిన్న స్లిప్పు, అట్టపెట్టె చాలు అనుకున్నాం, ఫోన్లు ఎలాగూ పది వాళ్ల దగ్గర లాగేసుకున్నారు. ఇంకొకటి, "12" అని రాస్తే రాత్రా పగలా అన్న గోల కాదు గానీ, కంప్యూటర్‌లో లేచిన టైమ్‌లోంచి పడుకున్న టైమ్ తీసేస్తే, రాత్రి 11:45ని 23:45 అని ఎక్కించిన వాళ్లకి మైనస్ వచ్చింది. అర్ధరాత్రి దాటకముందే పడుకున్నవాళ్లకి 24 గంటలు కలపాలి. అది కనిపెట్టడానికి ఒక లంచ్ పీరియడ్ పోయింది.

జెరాక్స్‌కి ఇచ్చే ముందు రోజు కొత్త స్లిప్పుని కూర్మన్నపాలెం అన్నయ్యకి చూపించాం. చదివి, "బస్సులో పడుకున్నది లెక్కేనా?" అన్నాడు. ఆరింటికి ఎక్కితే కిటికీకి తల ఆనించి నలభై నిమిషాలు పడుకుంటాడంట, కండక్టర్ లేపుతాడంట. మేం నలుగురం మొహాలు చూసుకున్నాం. డెబ్భై ఒక్క స్లిప్పులకి కాగితం కొనేశాం, అయినా ఇంటికి వెళ్లి ఇంకో లైన్ చేర్చాను: "బస్సులోగానీ ఆటోలోగానీ పడుకున్నావా? ఎంతసేపు?" స్లిప్పులో ఆ లైన్ ఒకటే కొంచెం వంకరగా ఉంటుంది, చేత్తో రాసి జెరాక్స్ తీయించాం కాబట్టి.