ఈఆర్‌పీ మొదటి రోజు ఎండీ ప్రసంగం: 243 మిల్లీమీటర్ల రాడ్డు ముక్క లెక్క

జీడిమెట్లలో పంపు షాఫ్టులు, పిన్నులు తయారుచేసే మా కంపెనీలో కొనుగోలు, స్టాకు, ఉత్పత్తి, అకౌంట్స్ అన్నిటినీ ఒకే చోట నడిపే ఈఆర్‌పీ సాఫ్ట్‌వేర్ పెట్టాలని నిర్ణయించాక, మొదటి రోజు మీటింగులో ఎండీ గారు మాట్లాడాల్సిన ప్రసంగం రాసే పని నాకు పడింది. స్టోర్స్, పర్చేజ్ చూసేవాణ్ని కాబట్టి ప్రాజెక్టు టీములోనూ ఉన్నాను. ఇరవై నిమిషాల ప్రసంగానికి మూడు వారాలు పట్టింది. ఇదే పని నెత్తిన పడ్డవాళ్ల కోసం, అందులో ఏ మాట ఎందుకు పెట్టామో, ఏది వదిలేసి ఇబ్బంది పడ్డామో రాస్తున్నాను.

మొదటి ప్రతి సాఫ్ట్‌వేర్ పెట్టేవాళ్లిచ్చిన స్లైడ్ల నుంచి తీసినది. సమగ్ర సమాచారం, పారదర్శకత, అన్ని శాఖల అనుసంధానం, అన్నీ ఉన్నాయి. ఎండీ గారు చదివి ఒక్కటే అడిగారు: "ఇది విన్నాక బ్యాండ్‌సా దగ్గరున్న మనిషి సోమవారం పొద్దున ఏం మార్చుకుంటాడు?" బ్యాండ్‌సా అంటే రాడ్లు కోసే రంపం మిషను. ఆ మనిషి ఏమీ మార్చుకోడు. ఆ కాగితాలు పక్కన పడేశాం. ఒకే ఒక్క సరుకును పట్టుకుని, అది గేటు లోపలికి వచ్చినప్పటి నుంచి బిల్లు కట్టేదాకా ఎక్కడెక్కడ లెక్క తప్పుతోందో చూపించాలనుకున్నాం. మేం ఎంచుకున్నది 40 మిల్లీమీటర్ల వ్యాసమున్న ఈఎన్8 రకం స్టీలు రౌండ్ రాడ్డు. షాపులో అందరి చేతుల్లోంచీ వెళ్లే సరుకు అదే.

రౌండ్ రాడ్డు బరువు లెక్క మా దగ్గర అందరికీ నోటికొచ్చు: వ్యాసాన్ని వ్యాసంతో గుణించి 162తో భాగిస్తే మీటరుకు ఎన్ని కిలోలో వస్తుంది. 40 × 40 ÷ 162 అంటే 9.88 కిలోలు. ఆరు మీటర్ల రాడ్డు ఒక్కోటి 59 కిలోల పైచిలుకు. మీటింగుకు ముందు రోజు ఈ రాడ్డు స్టాకు ఎంతో మూడు చోట్ల అడిగి రాసుకున్నాం. స్టోర్సు బిన్ కార్డులో 27 రాడ్లు, అంటే 1,600 కిలోలు. అకౌంట్స్‌లో 1,837 కిలోలు. ప్లానింగ్ ఎక్సెల్ షీటులో 1,363.

ప్రసంగం ఈ మూడు అంకెలతో మొదలైంది. వెంటనే ఎండీ గారు చెప్పిన రెండో వాక్యం మాత్రం నేను పట్టుబట్టి పెట్టించింది: "ఈ ముగ్గురిలో ఎవరిదీ తప్పు కాదు." అది లేకపోతే అక్కడినుంచి ఎవరూ వినరు, ఎవరి లెక్కను వాళ్లు కాపాడుకోవడంలో పడతారు. అకౌంట్స్ వాళ్లు బిల్లు చేతికి రాగానే ఎక్కిస్తారు, ఆ బిల్లు మీది నాలుగు రాడ్లు ఇంకా ట్రాన్స్‌పోర్టు గోడౌనులోనే ఉన్నాయి. ప్లానింగు వాళ్లు వారం మొదట్లోనే ఆ వారం కోతకు కావలసిన నాలుగింటిని తీసేసుకుంటారు, అవి ఇంకా ర్యాకులోనే ఉన్నాయి. 27కు నాలుగు కలిపితే ఒకరి లెక్క, నాలుగు తీసేస్తే ఇంకొకరి లెక్క. ఎవరి కాగితం ప్రకారం వాళ్లు కరెక్టే. కాకపోతే కొత్త ఆర్డరు పెట్టాలా వద్దా అనే నిర్ణయం మాత్రం, ఆ పూట ఎవరి కాగితం ముందుంటే దాన్ని చూసి జరిగిపోతోంది.

ఆ తర్వాత ఆయన జేబులోంచి ఒక ఇనుప ముక్క తీసి టేబుల్ మీద పెట్టారు. 243 మిల్లీమీటర్ల ఎండ్ పీసు. ఒక చివర రంపపు గీతలు ఇంకా మెరుస్తున్నాయి, రెండో చివర మిల్లు వాళ్లు పూసిన రంగు ఉంది.

"ఇది మన లెక్కలో ఎక్కడుంది?" అని అడిగారు. ఎక్కడా లేదు.

దీని కథ ఇదీ. షాఫ్టు పొడవు 300 మిల్లీమీటర్లు. కోతకూ, చివరలు నున్నగా చేసే ఫేసింగుకూ కలిపి 3 మిల్లీమీటర్లు పోతుంది కాబట్టి, ముక్క 303కు కోస్తారు. 6,000 మిల్లీమీటర్ల రాడ్డులో 19 ముక్కలొస్తాయి, 243 మిగులుతుంది. కానీ ఏ వస్తువుకు ఎంత సరుకు పడుతుందో రాసుకునే మా బీఓఎంలో షాఫ్టుకు 300 మిల్లీమీటర్ల బరువే, 2.96 కిలోలు అని రాసి ఉంది. ఆ లెక్కన ఎనిమిది రాడ్లకు 160 షాఫ్టులు రావాలి. నిజంగా వచ్చేవి 152. తేడా ఎనిమిది షాఫ్టులు, అంటే 2.4 మీటర్ల రాడ్డు. ఇందులో కోతకు పోయింది 46 సెంటీమీటర్లే. మిగతా 1.94 మీటర్లు ఎనిమిది ఎండ్ పీసుల రూపంలో బ్యాండ్‌సా పక్కన డబ్బాలో పడి ఉంది. నెలాఖరుకు అది తుక్కు కింద పోతుంది. ఇక్కడ బాధించే విషయం ఇంకోటుంది: ఇదే 40 రాడ్డులోంచి మేం 110 మిల్లీమీటర్ల పిన్ను కూడా చేస్తాం. కోతకు 3 మిల్లీమీటర్లు వదిలినా 243లో రెండు పిన్నులు నిక్షేపంగా వస్తాయి. కానీ పిన్నుల కోసం కొత్త రాడ్డు కోస్తున్నాం, ఎందుకంటే డబ్బాలో ఉన్నది ప్లానింగుకు కనిపించదు.

ఎందుకు మారుతున్నాం అన్న దానికి ప్రసంగంలో ఇంతకు మించి కారణం చెప్పలేదు. అవసరం పడలేదు కూడా.

ఏం మారుతుంది అన్న భాగంలో పనిని ఆ పని చేసే మనిషి వైపు నుంచి చెప్పాం. బ్యాండ్‌సా దగ్గర ఇకమీదట మూడు ఎంట్రీలు: ఎనిమిది రాడ్లు తీసుకున్నాం, 152 ముక్కలు ఇచ్చాం, ఎనిమిది ఎండ్ పీసులు వాపసు. ఎండ్ పీసుకు సొంత ఐటెం కోడ్, సొంత ర్యాకు. 113 కన్నా పొట్టి ముక్క మాత్రమే తుక్కు. స్టోర్సులో సరుకు అందిందని వేసే జీఆర్‌ఎన్ లేకుండా ఏదీ ర్యాకు ఎక్కదు. రాడ్డు కొనేది కిలోల్లో, ఇచ్చేది రాడ్ల లెక్కన కాబట్టి, జీఆర్‌ఎన్‌లో కాటా బరువు, రాడ్ల సంఖ్య రెండూ వేయాలి. రాడ్డు పొడవు ఆరు మీటర్లకు కాస్త అటూ ఇటూ ఉంటుంది, బరువును బట్టి సంఖ్యను సాఫ్ట్‌వేరునే లెక్కగట్టమంటే 26.8 రాడ్లని చూపిస్తుంది. అకౌంట్స్‌లో ఆర్డరు, జీఆర్‌ఎన్, బిల్లు మూడూ కలిస్తేనే చెల్లింపు. సరుకు చేతికి అందితేనే జీఎస్టీ ఇన్‌పుట్ క్రెడిట్ తీసుకోవాలన్నది చట్టంలోనే ఉంది, కాబట్టి దీని మీద ఎవరూ ఎదురు మాట్లాడలేదు.

పాత తేదీతో ఎంట్రీలు ఉండవన్న మాటకు మాత్రం గదిలో కదలిక వచ్చింది. కంపెనీల అకౌంటింగ్ సాఫ్ట్‌వేరులో ప్రతి మార్పునూ ఎప్పుడు చేశారో నమోదు చేసే ఎడిట్ లాగ్ ఉండి తీరాలన్న నిబంధన 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. ఎండీ గారు దాన్ని చదివి వినిపించి, "నేను చెప్పినా వేయొద్దు" అన్నారు. చాలా చోట్ల పాత తేదీలు వేయించేది పై నుంచే కదా, అందుకే ఆ మాటకు బరువుంది.

ప్రశ్నల వంతు రాగానే మెయింటెనెన్స్ ఫోర్‌మన్ లేచాడు. "రాత్రి ఎనిమిదింటికి బేరింగ్ పోతది సార్. రాణిగంజ్‌ల దుకాణాలు బంద్ జేస్తుంటరు. అప్పుడు ఆర్డరు, అప్రూవలు అనుకుంట కూసుంటే మిషిను ఆగుతది గద?"

ప్రసంగంలో దీనికి జవాబు లేదు. మేం వదిలేసిన పెద్ద సంగతి ఇదే. ఎండీ గారు అక్కడికక్కడే చెప్పారు: సరుకు ముందు తెచ్చుకోండి, మర్నాడు పొద్దున పదింటిలోపు జీఆర్‌ఎన్ పడాలి, ఎమర్జెన్సీ ఆర్డరుకు వేరే సిరీసు ఉంటుంది, దాన్ని నెలకోసారి నేనే చూస్తాను. మంచి జవాబే. కానీ పక్క కంపెనీ నుంచి చేబదులు తెచ్చుకున్న బేరింగ్ సంగతేమిటన్నది ఎవరికీ తట్టలేదు. దానికి బిల్లుండదు, వాపసు ఇచ్చేది కొత్త బేరింగు. చివరికి దానికి సున్నా ధరతో ఒక రిసీటు పద్ధతి పెట్టాల్సి వచ్చింది. మీ దగ్గర మీటింగుకు ముందే షాపులో నలుగురు ఫోర్‌మన్లను కూర్చోబెట్టి ప్రసంగం చదివి వినిపించండి. ఇలాంటివి అక్కడే బయటపడతాయి.

ఉద్యోగాల మాట ఎవరూ అడగలేదు, కానీ అందరి మనసులోనూ ఉన్నది అదే. దీనివల్ల ఎవరినీ తీసేయడం లేదని ఎండీ గారే చెప్పారు. సాయంత్రానికి అదే వాక్యం ఆయన సంతకంతో నోటీసు బోర్డు మీద పెట్టాం. దాంతోపాటు చేదు మాట కూడా దాచలేదు: మొదటి నెల పని ఇప్పటికన్నా నెమ్మదిగా సాగుతుంది, స్టాకు లెక్కకు రెండు రోజులు గేటు మూసేస్తాం, ఆ రెండు రోజులకు ఓవర్‌టైం ఇస్తాం.

మొదలుపెట్టే తేదీ జులై 1 అన్నారు. ఏప్రిల్ 1 ఎందుకు కాదని అకౌంట్స్ వాళ్లే అడిగారు. సంవత్సరాంతపు లెక్కలు ముగించే వాళ్లూ, కొత్త సిస్టంలో నిల్వలు ఎక్కించే వాళ్లూ ఒకరే, ఒకే వారంలో రెండూ నడవవు అన్నది జవాబు. దీనికి ఒక ఖర్చుంది. సంవత్సరం మధ్యలో మారితే సప్లయర్ల బాకీలను మొత్తంగా కాకుండా, బిల్లు బిల్లుకూ తేదీతో సహా ఎక్కించాలి. లేకపోతే చిన్న పరిశ్రమలకు 45 రోజుల్లోపు కట్టాల్సిన బిల్లులేవో సిస్టంకు తెలియదు. ప్లేటింగుకు, హీట్ ట్రీట్‌మెంటుకు బయటికి పంపిన సరుకును కూడా మనదిగానే లెక్కపెట్టాలి. జాబ్ వర్కుకు పంపింది ఏడాదిలోపు తిరిగి రాకపోతే జీఎస్టీ దాన్ని అమ్మకం కిందే చూస్తుంది. చలాన్ల కట్ట తీసి చూస్తే మా స్టోర్సు పుస్తకంలో లేని ముక్కలు అక్కడ దొరికాయి.

ప్రసంగంలో చెప్పినవి జరుగుతున్నాయో లేదో తెలుసుకోవడానికి రిపోర్టులకన్నా ఎంట్రీ పడిన సమయం చూడటం మేలు. జులై రెండో వారంలో చూస్తే బ్యాండ్‌సాకు రాడ్లు ఇచ్చిన ఎంట్రీలన్నీ సాయంత్రం అయిదున్నరకూ ఆరుకూ మధ్య పడ్డాయి. అంటే రోజంతా చీటీలు జేబులో పెట్టుకుని చివర్లో ఒకేసారి కొడుతున్నారు. పొద్దున తొమ్మిది నుంచి సిస్టం చూపించే స్టాకంతా అబద్ధమే, ప్లానింగు వాళ్లు మళ్లీ రహస్యంగా ఎక్సెల్ తెరిచింది అందుకే. అదే వారం ఎవరో మైనస్ స్టాకుకు అనుమతి ఇవ్వమని అడిగారు, జీఆర్‌ఎన్ పడకుండానే సరుకు వాడేయడానికి. ఎండీ గారు ఒప్పుకోలేదు. విచారిస్తే అసలు కారణం చిన్నది: కంప్యూటరు స్టోర్సు గదిలో ఉంది, బ్యాండ్‌సా షెడ్డుకు అవతలి చివర ఉంది. ప్రతి కోతకూ ఎవరు అంత దూరం నడుస్తారు? ఒక పాత ట్యాబును బ్యాండ్‌సా పక్కన స్తంభానికి బిగించాం. ఎంట్రీలు మధ్యాహ్నానికి, తర్వాత పొద్దుటికి జరిగాయి. ఎండ్ పీసుల ర్యాకు మాత్రం ఇప్పటికీ వారానికోసారి చేత్తో లెక్కపెడుతున్నాం, తుక్కు డబ్బా మరీ దగ్గర్లో ఉంది.